ఉద్యోగం మానే ముందు పన్నెండు ఆదివారాలు: నా దోసెల పిండి లెక్క

పోయిన దసరా సెలవుల్లో మా ఆవిడతో "ఇక ఉద్యోగం మానేస్తాను" అన్నాను. "మానేసి?" అంది. "దోసెల పిండి వ్యాపారం" అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "సరే, ముందు ఒక ప్యాకెట్ అమ్మి చూపించు" అంది. ఈ రాసేదంతా ఆ ఒక్క మాట వల్లే.

నాది విశాఖ పోర్టు దగ్గర ఒక ఆఫీసులో అకౌంట్స్ పని. చేతికి 38 వేలు వస్తుంది, నాలుగేళ్లు దాటింది, ఉండేది మర్రిపాలెం. మీది వేరే ఉద్యోగం, వేరే కోరిక అయ్యుంటుంది. అయినా జీతం వస్తుండగానే కొత్త పనిని చిన్నగా చేసి చూడటం ఎలాగో నేను చేసిన వరసలోనే చెప్తాను, తప్పులతో సహా. మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు బీరువాలోంచి అపాయింట్‌మెంట్ లెటర్ తియ్యండి

ఎవరూ చదవని కాగితం అది. అందులో ఎక్కడో "కంపెనీ అనుమతి లేకుండా వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయరాదు" అని ఒక లైను చాలామందికి ఉంటుంది. ఉంటే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి అడగండి, నోటిమాట వద్దు. నేను రెండే లైన్లు రాశాను: ఆదివారాలు ఇంట్లో తినే సరుకు తయారు చేసి అమ్ముకోవాలనుకుంటున్నాను, ఆఫీసు పనికీ దీనికీ సంబంధం లేదు, అభ్యంతరం ఉంటే చెప్పండి అని. నాలుగు రోజులకి "ఆఫీసు టైములో చేయకూడదు" అని జవాబొచ్చింది. ఆ మెయిల్ ప్రింట్ తీసి దాచుకున్నాను.

మన ఊళ్లో ప్రభుత్వ ఉద్యోగులు ఎక్కువ, కాబట్టి ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి సర్వీసు రూల్స్ ప్రకారం అనుమతి లేకుండా సొంత వ్యాపారం కుదరదు. "మా ఆవిడ పేరు మీద పెడతాలే" అని తేలిగ్గా అనేస్తారు గానీ, ఇంట్లోవాళ్లు వ్యాపారం చేస్తున్నా ఆ సంగతి ఆఫీసుకి తెలియజేయాలని కూడా ఆ రూల్స్‌లోనే ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలకి వాటి రూల్స్ వాటికుంటాయి, అవి తెప్పించుకుని చదవండి. ప్రయోగం చేసేదే ఉద్యోగం నిలుపుకోవడానికి, దాని వల్లే ఉద్యోగం పోతే ఇంక అర్థమేముంది.

మీకు వచ్చిన పనిని పరీక్షించకండి

నేను మొదట చేయబోయిన తప్పు ఇదే. పది కిలోల పిండి రుబ్బి, చుట్టాలందరికీ పంచి, "ఎలా ఉంది?" అని అడుగుదామనుకున్నాను. బాగుంటుందని నాకు ముందే తెలుసు. మా అమ్మ పాళ్లవి, ముప్పై ఏళ్లుగా ఇంట్లో అవే అట్లు. తెలిసినదాన్నే మళ్లీ పరీక్షిస్తే సంతోషం తప్ప సమాచారం రాదు.

ఒక కాగితం తీసుకుని "ఈ పని నాకు అన్నం పెట్టాలంటే ఏమేం నిజం కావాలి" అని రాయండి. రాశాక, వాటిలో ఏది అబద్ధమైతే మొత్తం కూలిపోతుందో దాన్ని పైకి తెచ్చుకోండి. నా కాగితం మీద చివరికి మూడు మిగిలాయి. నన్నెరగని మనిషి ఒకసారి కొన్నాక నేను అడక్కుండానే మళ్లీ కొంటాడా? ప్యాకెట్ మూడో రోజుకి కూడా బాగుంటుందా? దీని మీద పెట్టిన గంటకి నాకెంత మిగులుతుంది? రుచి సంగతి అసలు ఆ కాగితం మీద లేదు.

పేరు, లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా లేవు. ఒక రాత్రి రెండింటి దాకా కూర్చుని పేరు ఆలోచించాను, అది వేరే సంగతి. హాయిగా ఉంటుంది ఆ పని, దాన్నుంచి ఏమీ తెలియదు.

ఎక్కడ ఆపాలో మొదలుపెట్టకముందే రాయండి

ఒకసారి పనిలో దిగాక మన లెక్కలు మనకి అనుకూలంగా మారిపోతాయి. మూడో వారం అమ్మకం తగ్గితే "వాన కదా" అంటాం, నాలుగో వారం తగ్గితే "నెలాఖరు కదా" అంటాం. అందుకని అంకెలు ముందే రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. నేను రాసింది ఇది:

పన్నెండు ఆదివారాలు, అంతే. మొత్తం ఖర్చు 15 వేలు దాటకూడదు. ఎరగనివాళ్లలో సగం మంది మూడు వారాల్లోపు తమంతట తామే మళ్లీ ఆర్డర్ పెట్టాలి. చివరి నెలలో గంటకి 150 రూపాయలు మిగలాలి.

ఆ 150 గాల్లోంచి తియ్యలేదు. ఆఫీసులో, దారిలో కలిపి రోజుకి పది గంటలు, నెలకి పాతిక రోజులు, అంటే 250 గంటలకి నాకు 38 వేలు వస్తోంది. భాగిస్తే గంటకి 152. మీదీ ఇలాగే తీయండి, దారిలో పోయే టైము కలపడం మర్చిపోకండి. గాజువాక నుంచి మధురవాడ పోయి వచ్చేవాళ్లకి ఆ అంకె ఎంత కిందకి పడుతుందో చూసుకుంటే కళ్లు తిరుగుతాయి.

కింద మా ఆవిడ తన చేత్తో ఇంకో లైను కలిపింది: "ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత పిండి మాట ఎత్తకూడదు."

కొనకండి, అద్దెకి తీసుకోండి

మొదటి నాలుగు వారాలు ఇంట్లో ఉన్న రెండు లీటర్ల గ్రైండర్‌తోనే చేశాను, వారానికి పది కిలో ప్యాకెట్లు. ఒక పాలు మినపగుళ్లు, మూడు పాళ్లకి కొంచెం తక్కువ బియ్యం, గుప్పెడు అటుకులు, చెంచా మెంతులు. ఒక్కో వాయికి రెండు కిలోల పిండి, అరగంట పైనే. ఐదు వాయిలయ్యేసరికి రాయి వేడెక్కి పిండి గోరువెచ్చగా దిగుతుంది. ఇంటికైతే ఫరవాలేదు. ప్యాకెట్‌లోకి వెళ్లే పిండి అలా వెచ్చగా ఉంటే అప్పుడే పులవడం మొదలైపోతుంది. అందుకని రుబ్బేటప్పుడు ఫ్రిజ్ నీళ్లు పోయడం నేర్చుకున్నాను.

ఐదో వారం నుంచి ముప్పై ప్యాకెట్లు. ఇంట్లో గ్రైండర్‌తో అది ఏడెనిమిది గంటల పని. పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ కొందామని షాపుల చుట్టూ తిరిగాను కూడా. అప్పుడు మా వీధి చివర టిఫిన్ సెంటర్ నడిపే బాబాయ్ అన్నాడు, "కొనడం ఎందుకురా, ఆదివారం మధ్యాహ్నం మాది ఖాళీయే కదా, కరెంటు డబ్బులిచ్చి రుబ్బుకో" అని. గంటకి వంద మాట్లాడుకున్నాం. రెండు గంటల్లో పని అయిపోయేది.

మీ పనికి కావలసిన పెద్ద వస్తువు కూడా ఇలాగే ఎవరి దగ్గరో వారంలో కొన్ని గంటలు ఖాళీగా పడుంటుంది. బేకరీ పొయ్యి, కుట్టు మిషన్లు, స్టూడియో, ట్యూషన్ సెంటర్ గది ఏదైనా సరే. ఆ ఖాళీ గంటలు కొనుక్కోండి. నేను కొన్నవి ఒక పాత ఫ్రిజ్, చేతి సీలింగ్ మిషన్, కాటా, మూడొందల రూపాయల థర్మామీటర్. అన్నీ కలిపి తొమ్మిది వేల లోపే. ఫ్రిజ్ మళ్లీ అమ్మితే సగం పైనే తిరిగొస్తుంది.

తినే వస్తువు అమ్మాలంటే పది ప్యాకెట్లయినా సరే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే ఆహార భద్రత సంస్థ దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లోనే అప్లై చేశాను, నేను కట్టిన ఫీజు ఏడాదికి 100 రూపాయలు. అది మనిషికి కాదు, తయారుచేసే చోటుకి. ఇంటి అడ్రస్‌తో తీసుకుని, ఐదో వారం నుంచి టిఫిన్ సెంటర్‌లో రుబ్బడం మొదలెట్టాక, బాబాయ్ ఒప్పుకుని సంతకం పెట్టాక, ఆ అడ్రస్‌కి మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. ఇంకొకటి, జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 ఇక కుదరదు. వ్యాపార ఆదాయం రూపాయి వచ్చినా ఐటీఆర్-4 గానీ ఐటీఆర్-3 గానీ వేయాలి. భయపడేంత పని కాదు, అమ్మిన రోజే నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

చుట్టాలకి అమ్మండి, లెక్కలోకి మాత్రం తీసుకోకండి

మొదటి ఆదివారం పది ప్యాకెట్లూ గంటలో అయిపోయాయి. గాల్లో తేలిపోయాను. రాత్రి పేర్లు రాసుకుంటే తెలిసింది, ఏడు మనవాళ్లవే. కంచరపాలెం పిన్ని రెండు తీసుకుంది, వాళ్లింట్లో ఉండేది ఇద్దరు, బాబాయికి షుగర్, రాత్రిపూట చపాతీలు. ఆ రెండో ప్యాకెట్ నా మీద ప్రేమతో కొన్నది. ప్రేమ మీద వ్యాపారం మూడు వారాలు నడుస్తుంది.

నోట్‌బుక్‌లో రెండు పేజీలు పెట్టుకోండి. ఒకటి తెలిసినవాళ్లది, ఇంకోటి ఎరగనివాళ్లది. నిర్ణయానికి రెండో పేజీ మాత్రమే చూడాలి. ఎరగనివాళ్ల కోసం సీతమ్మధారలో మూడు అపార్ట్‌మెంట్‌లకి వెళ్లాను. ఫ్రీ శాంపిల్ ఇవ్వలేదు, 80 రూపాయలకే ఇచ్చాను. ఊరికే ఇస్తే అందరూ బాగుందనే అంటారు, 80 పెట్టినవాళ్లు తేడా ఉంటే మొహం మీదే చెప్తారు. చెప్పారు కూడా. అక్టోబర్‌లో రెండో అంతస్తు ఆంటీ ఒకావిడ ఫోన్ చేసి, "బాబూ, నీ ప్యాకెట్ దిండులా ఉబ్బిపోయింది, కోస్తే వంటిల్లంతా చిందింది, గోడలు ఎవరు తుడుస్తారు?" అన్నారు.

అక్కడ జరిగింది ఇది. పులిసేటప్పుడు పిండిలో గ్యాస్ పుడుతుంది, ప్యాకెట్ సీల్ చేసి ఉంది కాబట్టి బయటికి పోయే దారి లేదు. నేను సగం పులిశాక ప్యాక్ చేస్తున్నాను, పైగా మన ఊరి అక్టోబర్ ఉక్క. అప్పటి నుంచి రుబ్బిన వెంటనే ప్యాక్ చేసి, నేరుగా ఫ్రిజ్‌లో పెట్టి, స్టిక్కర్ మీద "వాడే ముందు ఐదు గంటలు బయట ఉంచండి" అని వేశాను. ఉబ్బడం ఆగింది. డిసెంబర్‌లో చలి పడ్డాక అదే ఆంటీ మళ్లీ ఫోన్ చేసి, "ఐదు గంటలు పెట్టాను, అట్టు రబ్బరులా సాగుతోంది" అన్నారు. చలికి ఐదు గంటలు చాలదు. రాత్రంతా పెట్టాలని స్టిక్కర్ మార్చాను.

ఈ రెండు ఫోన్‌కాల్స్ విలువ నాకు తర్వాత తెలిసింది. నాలుగే వారాలు చేసి ఆపి ఉంటే ఒకే వాతావరణం చూసి ఉండేవాణ్ణి. కాలంతో మారే పని ఏదైనా కనీసం రెండు కాలాలు చూడండి. ట్యూషన్లయితే పరీక్షల ముందు, తర్వాత. ఫొటోగ్రఫీ అయితే పెళ్లి ముహూర్తాలున్న నెల, మూఢం నెల.

పన్నెండు వారాల్లో ఎరగనివాళ్లు 22 మంది కొన్నారు. మూడు వారాల్లోపు తమంతట తామే మళ్లీ అడిగినవాళ్లు 13 మంది. సగం దాటింది. ఫ్రిజ్ తలుపు మీద ఆ లైనుకి టిక్ పెట్టాను. ఆ సాయంత్రం రాజీనామా ఉత్తరం మనసులో రాసేసుకున్నాను కూడా.

గంటలు రాయండి, ముఖ్యంగా పనిలా కనిపించని గంటలు

నన్ను కిందకి దింపింది ఈ లెక్కే. ఒక ఆదివారం ముప్పై ప్యాకెట్ల మీద 2,400 వచ్చేది. సరుకు ప్యాకెట్‌కి 34 చొప్పున 1,020, కవర్లూ స్టిక్కర్లూ 150, గ్రైండర్ అద్దె 200, పెట్రోల్ 120, పాడైనవీ మార్చి ఇచ్చినవీ సగటున రెండు ప్యాకెట్లు, అంటే 160. మిగిలింది 750. మా అమ్మకి చూపిస్తే "ఒక్కరోజులో ఏడొందల యాభైయా!" అని మురిసిపోయింది.

ఒక్కరోజు కాదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. కడిగి నానబెట్టడం ముప్పావు గంట, రుబ్బడం రెండు గంటలు, తూచి ప్యాక్ చేయడం గంటన్నర, గ్రైండర్ కడగడం ముప్పావు గంట (ఎండిపోయిన మినప్పిండి గీకిచూస్తే తెలుస్తుంది), డెలివరీ రెండున్నర గంటలు. ఇది కాక వారమంతా వాట్సాప్‌లో "అన్నా రేపుందా", "ఫోన్‌పే వెళ్లిందా చూడు", "గేటు దగ్గర ఇచ్చెయ్యి" లాంటివి కలిపితే గంటన్నర. మొత్తం తొమ్మిది గంటలు. గంటకి 83 రూపాయలు. ఆఫీసు ఇచ్చే దాంట్లో సగం పైన అంతే.

ఇక్కడితో ఆపేయాలా అంటే, వెంటనే వద్దు. చిన్న మోతాదులో గంటకి వచ్చేది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. చూడాల్సింది ఏ గంటలు పని పెరిగేకొద్దీ తగ్గుతాయి, ఏవి తగ్గవు అని. నానబెట్టడం, గ్రైండర్ కడగడం ముప్పైకైనా అరవైకైనా దాదాపు అంతే. డెలివరీ, వాట్సాప్ మాత్రం ప్యాకెట్‌తో పాటే పెరుగుతాయి. అంటే నా జబ్బు డెలివరీలో ఉంది. ఆ డెలివరీ వేరేవాళ్ల మీద వేయగలనా అన్నది తర్వాతి ప్రయోగం అయింది. ఇలా ఒక ప్రయోగంలో దొరికిన రాయి దగ్గరే రెండోది మొదలుపెట్టండి, కొత్తగా ఇంకేదో ఊహించుకోకండి.

మీకూ కొనేవాడికీ మధ్యలో ఇంకొకడుంటే అక్కడే పరీక్షించండి

అక్కయ్యపాలెంలో మూడు కిరాణా షాపుల్లో ఐదేసి ప్యాకెట్లు పెట్టాను, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకునే పద్ధతి మీద. వాళ్లకి ప్యాకెట్‌కి 15 రూపాయలు, నాకు 65. షాపులో పెట్టే ప్యాకెట్ మీద బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, అడ్రస్, ఫోన్ నంబర్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ అన్నీ ఉండాలి, స్టిక్కర్లు మళ్లీ కొట్టించాను.

మూడో రోజు వెళ్తే 15లో ఆరు వెనక్కి ఇచ్చారు. అన్నీ ఉబ్బినవే. ఒకటి చిట్లి పక్కన పెరుగు ప్యాకెట్ల మీద కారింది, ఆ డబ్బులూ నన్నే అడిగారు. ఇంట్లో నాలుగు రోజులున్న ప్యాకెట్ ఇక్కడ మూడో రోజుకే ఎందుకు పోయిందో అర్థం కాలేదు. ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే చల్లగానే ఉంది. మర్నాడు పొద్దున్నే ఆరింటికి, షాపు తీసే టైముకి, థర్మామీటర్ తీసుకుని వెళ్లాను. లోపల 21 డిగ్రీలుంది. షాపాయన సిగ్గేమీ పడకుండా చెప్పాడు, "రాత్రి ఎవరు కొంటారండీ? పదింటికి స్విచ్ తీసేస్తాం. కరెంటు బిల్లు మీరు కడతారేటి?"

తప్పు ఆయనది కాదు. పాలు పొద్దున్నే వస్తాయి, రాత్రికి అయిపోతాయి. కూల్‌డ్రింకులు రాత్రంతా వెచ్చబడినా పాడవ్వవు. రాత్రి స్విచ్ తీస్తే పాడయ్యేది నా పిండి ఒక్కటే. ఇలాంటిది ఇంట్లో కూర్చుని ఎంత లెక్క వేసినా బయటపడదు.

ఇక డబ్బు. అమ్ముడైన తొమ్మిదింటికి 585 వచ్చింది. పదిహేను ప్యాకెట్ల సరుకు, కవర్లు కలిపి ప్యాకెట్‌కి 39 చొప్పున ఖర్చు ఎంతో తెలుసా? సరిగ్గా 585. నా పని, నా పెట్రోలు షాపుకి దానం. రెండు వారాలు చూసి షాపుల ఆలోచన వదిలేశాను. దీని మీద పోయింది పదిహేను వందల లోపే. ఇదే సంగతి ఉద్యోగం మానేశాక, వంద షాపులకి సరిపడా గ్రైండర్ కొన్నాక తెలిసి ఉంటే?

సెలవు పెట్టి ఒక వారం ఆ బతుకు బతకండి

ఆదివారం చేసే పనికీ రోజూ చేసే పనికీ పోలిక లేదు. ఆదివారం ఎంత కష్టపడినా సోమవారం ఏసీలో కూర్చుంటామని ఒంటికి తెలుసు. అందుకని సంక్రాంతి వెళ్లాక ఆరు రోజులు ఎర్న్‌డ్ లీవ్ పెట్టాను, సోమవారం నుంచి శనివారం దాకా. ఊరెళ్లడానికని ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో పనుందన్నాను, నిజమే కదా.

ఆ వారానికి రెండు టిఫిన్ బళ్లతో మాట్లాడుకున్నాను, ఒక్కోదానికి రోజూ పది కిలోలు, కిలో 48 చొప్పున. కవర్ లేదు, స్టిక్కర్ లేదు, స్టీలు క్యాన్‌లో పోసి ఇవ్వడమే. అపార్ట్‌మెంట్‌లకి రోజుకి పన్నెండు ప్యాకెట్లు. మధ్యాహ్నం గ్రైండర్ ఖాళీ అయ్యాక రుబ్బడం, తెల్లారి నాలుగున్నరకి బళ్లకి చేర్చడం.

మూడు రోజులు బాగానే గడిచింది. గురువారం తెల్లారి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర నా బండి పంక్చర్ అయింది, పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. బండాయన ఏమీ అనలేదు, అప్పటికే వేరేచోట నుంచి ఐదు కిలోలు తెప్పించేసుకున్నాడు. నా ఐదు కిలోలు మిగిలిపోయాయి. శుక్రవారం సాయంత్రం పాప స్కూల్లో ప్రోగ్రాం ఉంటే, తను స్టేజి ఎక్కకముందే కుర్చీలో నిద్రపోయాను. ఆరు రోజులకి ఖర్చులన్నీ పోను మిగిలింది 2,700, పెట్టిన గంటలు 45.

ఇంతవరకూ బాధగా ఉంది గానీ, ఈ వారం ఇచ్చిన అంకె చాలా ఉపయోగపడింది. పని సొంతంగా నడవాలంటే నెలకి ఎంత కావాలో ఇప్పుడు ఊహ లేకుండా రాయగలిగాను. గది అద్దె, డెలివరీ కుర్రాడు, కరెంటు కలిపి 23 వేలు. నా ఇంటి ఖర్చుకి 38 వేలు. మొత్తం 61 వేలు. ప్యాకెట్ మీద, పాడయ్యేవి తీసేస్తే, 36 రూపాయలు మిగులుతుంది. భాగిస్తే నెలకి దాదాపు 1,700 ప్యాకెట్లు, నెలకి 26 రోజులనుకుంటే రోజుకి 65. ఒక ఇల్లు వారానికి ఒకటి కొంటుందనుకున్నా దాదాపు 390 ఇళ్లు కావాలి. పన్నెండు వారాల్లో మిగిలిన ఇళ్లు 13.

ఈ ఖర్చుల్లో ఇంకా పీఎఫ్‌లో కంపెనీ కట్టే వాటా, ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కలపలేదు. మీరు కలపండి. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు కావాలి, నాకు ఇంకా కొన్ని నెలలుంది, ఆ తేదీ కూడా కాగితం మీద రాసుకున్నాను.

మీ పని పిండి కాకపోతే

సేల్స్ నుంచి డిజైన్‌కి వెళ్దామనుకునే మా ఆఫీసు కుర్రాడు ఒకడు ఆరు నెలల్లో మూడు కోర్సులు పూర్తి చేశాడు. కోర్సు చేస్తే ఆ పని చేయడం వస్తుందో లేదో తెలుస్తుంది, డబ్బిచ్చినవాడు ఐదోసారి "రంగు మార్చు" అంటే తట్టుకోగలమో లేదో తెలియదు. వాడికి నేను చెప్పింది, బీచ్ రోడ్డులో కాఫీ షాపో, డెంటల్ క్లినిక్కో ఒకటి పట్టుకుని, తక్కువైనా సరే డబ్బు తీసుకుని, తేదీ ఒప్పుకుని మెనూ కార్డో బోర్డో చేసిపెట్టు, ఎన్నిసార్లు మార్పించారో, డబ్బు ఎన్ని రోజులకి వచ్చిందో రాయి అని. మొన్ననే మొదటిది అయింది. బొమ్మ గీయడానికి నాలుగు గంటలు, మార్పులకి పదకొండు, డబ్బు కోసం తిరగడం ఇంకా నడుస్తోంది. టీచింగ్‌కైనా, అనువాదానికైనా, ఫిట్‌నెస్ ట్రైనింగ్‌కైనా ఇలాంటి మూలే ఒకటి ఉంటుంది. ఆ పనిలో ఇప్పటికే ఉన్నవాళ్లని "దేనికి విసుగొస్తుంది?" అని అడిగితే చెప్పేస్తారు. ప్రయోగాన్ని సరిగ్గా అక్కడ పెట్టండి.

నేనిప్పుడు ఎక్కడున్నానంటే

ఫ్రిజ్ తలుపు మీద కాగితం ప్రకారం ఖర్చు హద్దులోనే ఉంది, మళ్లీ కొన్నవాళ్లు చాలినంత మంది ఉన్నారు, గంట లెక్క ఫెయిల్. ఆఖరి నెలలో 83 నుంచి 96కి పాకింది, అంతే. కాబట్టి ఉద్యోగం మానలేదు. షాపులు వదిలేశాను, టిఫిన్ బళ్లూ వదిలేశాను. ఇంకొక్క ప్రయోగం రాసుకున్నాను. ఇల్లిల్లూ తిరగకుండా, సీతమ్మధారలో రెండు పెద్ద అపార్ట్‌మెంట్‌లకే, శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా గేటు దగ్గర ఐస్ పెట్టె పెట్టుకుని నిలబడటం, ఎవరికి కావాలంటే వాళ్లే దిగివచ్చి తీసుకోవడం. డెలివరీ రెండున్నర గంటలు గంటకి దిగితే, వాట్సాప్ పోతే, ముప్పై ప్యాకెట్లకే గంటకి 120 దాటాలి.

ఎనిమిది వారాలు, మూడు వేలు, అంతకు మించి కాదు. ఏప్రిల్, మే నెలల్లోనే కావాలని పెట్టుకున్నాను, ఎండాకాలం పిండి నేనింకా చూడలేదు. మొన్న ఆ రెండో అంతస్తు ఆంటీకి చెప్తే, "గేటు దగ్గరైతే మా వారిని పంపిస్తాను, ఊరికే కూర్చుంటారు. ఎండలు కదా, ఈసారి స్టిక్కర్ మీద ఎన్ని గంటలని వేస్తావు?" అని అడిగారు. రెండా మూడా అన్నది తేలలేదు. ఈ ఆదివారం మూడు గిన్నెల్లో పోసి, డాబా మెట్ల కింద ఒకటి, వంటింట్లో ఒకటి, హాల్లో ఒకటి పెట్టి చూడాలి.